టక్ టక్... ఎవరది? చిన్నపిల్లలతో నాక్ నాక్ జోకులు ఆడటం, తెలుగులో కొత్తవి అల్లడం

ఇంట్లో నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలుండి, వాళ్లు ఇంగ్లిష్ మీడియం స్కూలుకో, అమెరికాలో కిండర్‌గార్టెన్‌కో వెళ్తుంటే, ఏదో ఒక సాయంత్రం మీకు ఈ జోకు తగిలే ఉంటుంది. మొదటిసారి నవ్వుతారు. పదోసారికి నవ్వినట్టు నటిస్తారు. అక్కడి నుంచి వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ "ఎవరది" అనేసి ఊరుకుంటారు. పిల్లలకు మాత్రం మొదటిసారి ఎంత నవ్వొచ్చిందో ఇప్పుడూ అంతే వస్తుంది. వాళ్లు నవ్వుతున్నది మనం అనుకునే జోకుకు కాదు, అందుకే అలా. అది తెలిస్తే ఏ వయసులో ఏ జోకు చెప్పాలి, ఏది చెప్పకూడదు, తెలుగులో ఎలా తయారుచేయాలి అన్నవన్నీ సులువుగా తేలిపోతాయి.

ముందు ఐదు మాటల లెక్క

నాక్ నాక్ జోకులో సరిగ్గా ఐదు మాటలుంటాయి. ఒకటి, మూడు, ఐదు జోకు చెప్పేవాళ్లవి. రెండు, నాలుగు వినేవాళ్లవి. ఇంగ్లిష్‌లో పిల్లలు బాగా చిన్నప్పుడే నేర్చుకునేది ఇది:

— నాక్ నాక్.
— హూజ్ దేర్?
— బూ.
— బూ హూ?
— ఏడవకు, ఇది జోకే కదా!

నాలుగో మాట చూడండి. వినేవాళ్లు మామూలుగా "ఏ బూ?" అని అడిగారంతే. కానీ ఇంగ్లిష్‌లో "బూ హూ" అంటే వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు. అంటే వినేవాళ్లే తమకు తెలియకుండా ఏడ్చేశారు. చెప్పేవాళ్లు ఓదారుస్తున్నారు. నాక్ నాక్ జోకుల్లో బాగా కుదిరినవన్నీ ఇలా ఎదుటివాళ్ల నోటితోనే చిక్కుముడి వేయిస్తాయి. మిగతావి మూడో మాటలో వచ్చిన పేరును ఐదో మాటలో విరిచి ఇంకో అర్థం లాగుతాయి.

తలుపు తట్టి ఎవరని అడిగించే సరదా పాతదే. షేక్‌స్పియర్ 'మాక్బెత్' రెండో అంకంలో తాగిన మత్తులో ఉన్న ద్వారపాలకుడు తలుపు చప్పుడు విని, తను నరకానికి కాపలా ఉన్నట్టు ఊహించుకుంటూ "ఎవరది, ఎవరది" అని తనలో తాను వాగుతాడు. ఇప్పటి ఐదు మాటల ఆట మాత్రం 1930లలో అమెరికాలో ఊపందుకుంది. 1936లో అయితే పత్రికలు, రేడియో, డ్యాన్స్ బ్యాండ్ల పాటలు అన్నిట్లోనూ అదే గోల. అప్పట్లో అది పెద్దవాళ్ల పిచ్చి. పెద్దవాళ్లకు మొహం మొత్తింది, పిల్లలు అందుకున్నారు, ఇప్పటికీ వదల్లేదు.

మన దగ్గరా దీనికి దగ్గర చుట్టం ఒకటుంది. సత్యభామ తలుపు కృష్ణుడు తట్టిన సంస్కృత శ్లోకం మీరు ఏ అవధానంలోనో, తాతగారి నోటో విని ఉంటారు. వేలితో తలుపు తట్టేది ఎవరని ఆమె లోపలి నుంచి అడుగుతుంది. "మాధవుణ్ణి" అంటాడు. మాధవమంటే వసంతం కూడా కాబట్టి "ఓహో, వసంత రుతువా?" అంటుంది. "కాదు, చక్రిని" అంటే "కుమ్మరివా?" అంటుంది. "ధరణీధరుణ్ణి" అంటే "ఆదిశేషుడివా?" "కాదు, భయంకరమైన పామును అణచినవాణ్ణి" అంటే "గరుత్మంతుడివా?" చివరికి "హరిని" అంటాడు. హరి అంటే కోతి అని కూడా అర్థం కాబట్టి "అయితే కోతివా?" అని ముగిస్తుంది. తలుపు, ప్రశ్న, పేరు, శ్లేష అన్నీ ఉన్నాయి. ఒక్కటే తేడా. ఇక్కడ గెలిచేది తలుపు లోపలున్న మనిషి. నాక్ నాక్ జోకులో గెలిచేది బయటున్నవాళ్లు. చిన్నపిల్లలకు ఈ తేడాయే ప్రాణం.

మొదటి మెట్టు: ఇంట్లో ఒకే వరుస ఖాయం చేసుకోండి

తెలుగులో ఆడాలనుకుంటే రెండు, నాలుగు మాటలు ఎలా ఉండాలో ముందే తేల్చుకోవాలి. నాన్న "ఎవరు?" అని, అమ్మమ్మ "ఎవరమ్మా అదీ?" అని, అన్నయ్య "సీత ఎవరు?" అని తలా ఒకలా అంటే నాలుగేళ్ల పాప మధ్యలో ఆగిపోతుంది. తనకు తెలిసిన ఆట ఇది కాదేమో అని అనుమానం. నేను వాడేది ఇది:

— టక్ టక్.
— ఎవరది?
— సీత.
— ఏ సీత?
— సీతాకాలం వచ్చేసింది, చలేస్తోంది, తలుపు తియ్యి!

నాలుగో మాటలో "సీత ఎవరు?" అనకుండా "ఏ సీత?" అనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మనం నిజంగా అడిగేది అలాగే. ఫోన్‌లో ఎవరైనా "నేను రాజుని" అంటే "ఏ రాజు?" అంటాం. రెండోది, ఈ "ఏ" వల్ల తెలుగులో ఒక గొప్ప సదుపాయం ఉంది. దాని సంగతి జోకులు అల్లే దగ్గర చెబుతాను.

ఒక జాగ్రత్త. మొదట్లో నిజం తలుపు మీద కొట్టకండి. మూడేళ్ల పిల్లలు లేచి తలుపు దగ్గరికి పరిగెత్తి, అవతల ఎవరూ లేరని బిక్కమొహం వేస్తారు. గాల్లోనే వేలు ఆడిస్తూ నోటితో "టక్ టక్" అనండి. అప్పటికీ తలుపు వైపే చూస్తుంటే, ఉత్తుత్తి తలుపన్న సంగతి ఇంకా అందలేదని అర్థం. కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

రెండో మెట్టు: ముందు జవాబులు, తర్వాతే జోకు

చాలామంది చేసే పని, జోకు మొత్తం ఒకసారి చెప్పేసి "ఇప్పుడు నువ్వు చెప్పు" అనడం. పిల్లలు అప్పుడు ఐదు మాటలూ తామే గడగడా అప్పగిస్తారు. "టక్ టక్ ఎవరది సీత ఏ సీత సీతాకాలం!" అని ఊపిరి తీసుకోకుండా చెప్పి, నవ్వమని మీ మొహంలోకి చూస్తారు. అది పద్యం అప్పజెప్పడం అయింది. ఆట కాలేదు.

కాబట్టి ముందు వినేవాళ్ల పాత్ర నేర్పండి. మీరు "టక్ టక్" అని ఆగండి. పాప ఊరుకుంటే, పక్కనున్న ఇంకో పెద్దమనిషి "ఎవరది?" అనాలి. అంటే నేర్పేటప్పుడు ముగ్గురుంటే మంచిది. మీరు తట్టేవాళ్లు, పాప వినేది, మూడో మనిషి పాప చెవిలో మాట అందించేవాళ్లు. కాసేపటికే ఆ అందింపు అక్కర్లేకుండా పోతుంది. మీరు "టక్" అన్న వెంటనే పాప "ఎవరది?" అంటోందంటే పాత్రలు మార్చవచ్చు.

నాలుగో మాట దగ్గర ఎక్కువసేపు పడుతుంది. "ఎవరది?" ఎప్పుడూ మారదు. "ఏ ఫలానా?" అనాలంటే మాత్రం ఎదుటివాళ్లు ఇప్పుడే చెప్పిన కొత్త పేరును గుర్తుంచుకుని, దాన్ని ప్రశ్నలో ఇరికించాలి. చిన్నపిల్లలకు అది చిన్న పనేం కాదు. అందుకే మొదట్లో పేర్లు రెండక్షరాలవే పెట్టుకోండి. సీత, రాము, ఉష. "చూడామణి" లాంటివి తర్వాత.

పాత్రలు మార్చాక ఇంకో తమాషా జరుగుతుంది. పాప "టక్ టక్" అంటుంది, మీరు "ఎవరది?" అంటారు, పాప తన పేరే చెప్పేస్తుంది. నిజమే కదా, వచ్చింది తనే. "అలా కాదమ్మా" అని ఆపకండి. "ఏ చిన్ని?" అని అడగండి. "నేనే! నీ చిన్ని!" అంటుంది. నవ్వండి. ఐదు మాటలూ వరుసలో పడ్డాయి, ఈ వయసుకు అంతే కావాలి.

అర్థం లేని జోకులు చెబుతున్నారంటే సరైన దారిలోనే ఉన్నారు

నాలుగు, ఐదేళ్ల పిల్లలు సొంతంగా అల్లే జోకులు ఇలా ఉంటాయి:

— టక్ టక్.
— ఎవరది?
— ఫ్యాను.
— ఏ ఫ్యాను?
— ఫ్యాను నీ నెత్తి మీద బజ్జుంది!

తర్వాత కింద పడి దొర్లుతూ నవ్వు. శ్లేష లేదు, మలుపు లేదు. పెద్దవాళ్లకు దీన్ని సరిదిద్దాలనిపిస్తుంది. సరిదిద్దకండి. జోకు అనే గూడు పిల్లలకు ముందు దొరుకుతుంది, అందులో పెట్టాల్సిన వస్తువు ఆ తర్వాత దొరుకుతుంది. ప్రశ్న, జవాబు, ఎదురుచూడని మాట, నవ్వు అనే వరుసను పాప పట్టేసింది. నెత్తి మీద ఫ్యాను పడుకోవడం తనకు ఎదురుచూడని మాటే.

శ్లేష ఎందుకు అందదంటే, దానికి ఒకే చప్పుడులో రెండు అర్థాలను ఒకేసారి పట్టుకోవాలి. మాటను దాని అర్థం నుంచి విడదీసి, ఉత్త శబ్దంగా తిప్పి చూడగలగాలి. ఇది చాలామంది పిల్లలకు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్యలో కుదురుతుంది. థామస్ షుల్ట్జ్ అనే మనస్తత్వవేత్త 1974లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లలకు అసలు పొడుపు ప్రశ్నలతో పాటు వాటి జవాబులోని కిటుకు తీసేసినవి కూడా వినిపించారు. ఎనిమిదేళ్లు, ఆపైన ఉన్నవాళ్లు కిటుకు ఉన్నవాటినే ఇష్టపడ్డారు. ఆరేళ్లవాళ్లకు కిటుకు ఉన్నా లేకపోయినా ఒకటే. వింతగా ఉంటే చాలు.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. సీత జోకు నాలుగైదు రోజులు ఆడాక, ఒకరోజు మామూలు గొంతుతోనే చివరి మాట మార్చేయండి. "ఏ సీత?" అన్నప్పుడు "చలికాలం వచ్చేసింది, తలుపు తియ్యి!" అనండి. అర్థం అదే, చప్పుడు పోయింది. పాప మామూలుగా నవ్వితే తను ఆడుతున్నది వరుసను. "అలా కాదు, సీతాకాలం అనాలి!" అని కోప్పడిందా, రెండు సంగతుల్లో ఒకటి. మాట మారిందని కోపం కావచ్చు, సీత పోయిందని కోపం కావచ్చు. "ఎందుకు?" అని అడగండి. "నిన్న అలాగే చెప్పావు" అంటే మొదటిది. "సీత అన్నావుగా మరి!" అంటే పాప శ్లేషలోకి అడుగు పెట్టేసింది.

అదే జోకు మళ్లీ మళ్లీ ఎందుకు?

పెద్దవాళ్లకు జోకు అంటే తెలియని చివర. చివర తెలిశాక రసం అయిపోతుంది. పిల్లలకు చివర తెలియడమే రసం. తను "టక్ టక్" అంటుంది, అమ్మ "ఎవరది?" అని తీరాలి. ఆఫీసు ఫోన్‌లో ఉన్నా, పోపు మాడుతున్నా, ఆ రెండు ముక్కలు వినబడితే పెద్దవాళ్ల నోరు దానంతటదే కదులుతుంది. రోజంతా తిను, లే, చెప్పులు వేసుకో అని చెప్పించుకునే మనిషికి, పెద్దవాళ్లు తను అనుకున్న మాట తను అనుకున్న చోట అనడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. ఏం జరగబోతోందో ఆ గదిలో తనకే తెలుసు. మిగతావాళ్లంతా అడగాల్సిందే.

ఈ ఆనందం మాటలు రాకముందే మొదలవుతుంది. కొంగు చాటున దాక్కుని "బూచి" అని పసివాళ్లను నవ్వించే ఆటను జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1970లలో దగ్గరగా గమనించాడు. అందులో ఎవరు దాక్కోవాలి, ఎవరు ఎదురుచూడాలి, ఎప్పుడు బయటపడాలి అనే నియమాలున్నాయి. మొదట్లో అమ్మ దాక్కుంటుంది, తర్వాత తర్వాత పిల్లలే ఆటను నడిపిస్తారు. నాక్ నాక్ జోకు ఆ బూచి ఆటకే మాటలు తొడిగిన రూపం. తలుపు అడ్డం, లోపల ఎదురుచూపు, చివర బయటపడటం. మన "వీరీ వీరీ గుమ్మడిపండు, వీరి పేరేమి?" ఆటలోనూ కళ్లు మూసి, ఎదురుగా వచ్చింది ఎవరని అడుగుతారు. ఆ ఆట రోజూ అదే పిల్లలతో, అదే వాకిట్లో ఆడినా ఎవరికీ విసుగు రాలేదు.

మళ్లీ మళ్లీ చెప్పడంలో ఇంకో పని కూడా జరుగుతుంది. ప్రతిసారీ మాటలు అవే కాబట్టి, పాప ధ్యాస మాటల మీద నుంచి మిగతావాటి మీదికి మళ్లుతుంది. ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు గొంతు పెంచాలి, తాత మొహం ఎప్పుడు మారుతుంది. 2011లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో మూడేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో, వేర్వేరు కథలు విన్నవాళ్ల కంటే ఒకే కథ పదే పదే విన్నవాళ్లు అందులోని కొత్త మాటలను బాగా నేర్చుకున్నారు. అది కథల గురించి చేసిన పరిశోధనే గానీ, మాటలు మారని జోకుకూ అదే వర్తిస్తుందని నా నమ్మకం.

కాబట్టి పాప ఒకే జోకు చెబుతుంటే, "ఇది విన్నాంలే, కొత్తది చెప్పు" అనడం కన్నా రెండో మాట పలికే తీరు మార్చడం మేలు. మాట అదే ఉంచండి, గొంతు మార్చండి. ఒకసారి నిద్రలో ఉన్నట్టు "ఎవ...రది?", ఒకసారి దొంగకు భయపడ్డట్టు గుసగుసగా, ఒకసారి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాగా గట్టిగా. మీకు విసుగు తగ్గుతుంది, పాపకు వరుస చెడదు. మాటే మార్చి "ఎవరూ లేరు, ఫో" అన్నారంటే మాత్రం ఆట కూలిపోయి ఏడుపు మొదలవుతుంది.

ఇక నిజంగా ఆపాలంటే ఆటలోంచే ఆపాలి. "టక్ టక్" అన్నప్పుడు "తలుపుకు తాళం వేసేశాం, రేపు పొద్దున ఏడింటికి తీస్తాం" అనండి. ఇదీ తలుపు లోపలి మాటే కాబట్టి చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. అయితే మర్నాడు ఏడింటికి మీ మంచం పక్కన టక్ టక్ వినిపిస్తుంది, తాళం తియ్యక తప్పదు.

మల్లి జోకు: ఒకదాన్ని విప్పి చూద్దాం

ఇంగ్లిష్ పిల్లల నాక్ నాక్ జోకుల్లో అన్నిటికంటే ఎక్కువ నలిగింది అరటిపండు జోకే అనుకుంటాను. తలుపు తట్టి "బనానా" అంటారు. "బనానా హూ?" అని అడిగితే జవాబు చెప్పరు, మళ్లీ "నాక్ నాక్" అంటారు. మళ్లీ బనానా. మళ్లీ బనానా. ఎదుటివాళ్లు ఇక విసుక్కుంటారనగా "ఆరెంజ్" అంటారు. "ఆరెంజ్ హూ?" అంటే, "ఆరెంజ్ యు గ్లాడ్ ఐ డిడ్న్ట్ సే బనానా?" అంటే, మళ్లీ బనానా అననందుకు సంతోషంగా లేదా అని. ఇందులో "ఆరెంజ్ యు" అన్నది "ఆరంట్ యు" లాగా వినబడాలి. అమెరికాలో కొన్ని ప్రాంతాల యాసలోనే అది బాగా కుదురుతుంది. మన ఇంగ్లిష్‌లో చెబితే ఎక్కడ నవ్వాలో పెద్దవాళ్లకే తెలియదు. అయినా పిల్లలు నవ్వుతారు. వాళ్లను నవ్వించేది ఆ చివరి శ్లేష కాదు, జవాబు రాకుండా ఆట మళ్లీ మొదటికి రావడం. నియమం తెలిసినవాళ్లకే నియమం తప్పడం నవ్వు తెప్పిస్తుంది. అందుకని మామూలు ఐదు మాటల జోకులు బాగా అలవాటు కాకముందు ఇది చెప్పకండి, పిల్లలు తికమకపడతారు.

తెలుగులో ఇదే పద్ధతికి నేను అల్లుకున్నది మల్లి:

— టక్ టక్.
— ఎవరది?
— మల్లి.
— ఏ మల్లి?
— టక్ టక్.
— ఎవరది?
— మల్లి.
— ఏ మల్లి?
— టక్ టక్.
— అబ్బా, ఎవరది?
— మల్లి.
— ఏ మల్లి?
— మళ్లీ మళ్లీ అడుగుతావేంటి, తలుపు తియ్యి!

ఇక్కడ "ళ" పలకడం ఇంకా రాని పిల్లల నోట్లో మల్లి, మళ్లీ దాదాపు ఒకటే అవుతాయి. ఆ లోపమే జోకుకు కలిసొస్తుంది. ఎన్నిసార్లు తిప్పాలన్నది ఎదుటివాళ్ల మొహం చూసి తేల్చుకోవాలి. ఒక్కసారే తిప్పితే విసుగు పుట్టదు, విసుగు పుట్టకపోతే చివరి మాటకు బలం లేదు. మూడుసార్లు నాకు సరిగ్గా అనిపిస్తుంది. పిల్లల చేతికి ఇస్తే చివరి మాట ఎప్పటికీ రాదు, అది వేరే సంగతి. వాళ్లకు ఆ తిప్పడంలోనే మజా.

తెలుగులో కొత్తవి అల్లడం

ఇంగ్లిష్ జోకును తెలుగులోకి మార్చబోతే శ్లేష చచ్చిపోతుంది. పేరు నుంచి మొదలుపెట్టాలి. ఇంట్లో, వీధిలో వినబడే పేర్లు కొన్ని రాసుకోండి. ఒక్కొక్కటీ గట్టిగా, సాగదీసి, తొందరగా, ముక్కుతో పలికి చూడండి. ఎక్కడో ఒకచోట అది పేరులా కాకుండా వాక్యం మొదలులా వినబడుతుంది. తెలుగు క్రియలు దీనికి బంగారం. "రాము" అంటే పేరూ అవుతుంది, "మేం రాము" అనే మాటా అవుతుంది:

— రాము.
— ఏ రాము?
— రాము రాము అంటూనే వచ్చేశాం, భోజనం పెట్టు!

ఒత్తులు, దీర్ఘాలు కాస్త అటూ ఇటూ అయినా చెవి సర్దుకుంటుంది. "రాధ" అంటే "రాదా ఇంకా ఇడ్లీ? ఆకలేస్తోంది!" "రమణి" అంటే "రమ్మని నువ్వేగా ఫోన్ చేశావు!" "వాణి" అంటే "వాణ్ణి ఆటకు పంపండి ఆంటీ!" "చూడామణి" అంటే "చూడమని పంపింది అమ్మ, మీ ఇంట్లో పెరుగు తోడుకు ఉందేమో!" పసివాళ్లకైతే "ఉష" చాలు. "ఏ ఉష?" అనగానే వేలు పెదవుల మీద పెట్టి "ఉష్... పాప పడుకుంది" అంటే రెండో అర్థం చేతిలోనే కనబడుతుంది కాబట్టి నాలుగేళ్లవాళ్లకూ అందుతుంది.

ఒక పరీక్ష పెట్టుకోండి. జోకు చెప్పాక ఇలా అంటే అలా అని వివరించాల్సి వస్తే, ఆ పేరు కొట్టేయండి. ఐదో మాటలో పేరు తాలూకు చప్పుడు మొట్టమొదటే రావాలి. "ఇంకా ఇడ్లీ రాదా?" అని చివర పెడితే, పాప చెవి అక్కడిదాకా ఆగదు.

ఇప్పుడు ఆ "ఏ" సంగతి. ఇంగ్లిష్ వాళ్ల "బూ హూ"లో వినేవాళ్ల నోటితోనే ఏడుపు చప్పుడు చేయించారని చెప్పాను కదా. తెలుగులో ప్రశ్న ముందు "ఏ" వస్తుంది కాబట్టి, "ఏ"తో మొదలయ్యే మాటలన్నీ మన చేతిలో ఉన్నట్టే. మాటలోంచి "ఏ" తీసేసి, మిగిలిన ముక్కను పేరుగా చెప్పండి:

— టక్ టక్.
— ఎవరది?
— డుపు.
— ఏ డుపు?
— ఏడుపు ఆపు, వచ్చేశాగా!

అలాగే "నుగు" అంటే "ఏ నుగు?" అని అడుగుతారు. "ఏనుగు కాదు, నేనే! అంత లావున్నానా?" "మిటి" అంటే "ఏ మిటి?" "ఏమిటని అడుగుతావే, నన్ను గుర్తుపట్టలేదా?" ఇక్కడ మూడో మాటకు సొంతంగా అర్థమే లేదు. ఎదుటివాళ్లు దానికి "ఏ" తగిలించగానే మాట పుడుతుంది. చిక్కల్లా పాప అసలు మాటే ముందు చెప్పేయడం. "ఎవరది?" అంటే "ఏనుగు" అనేస్తుంది. అప్పుడు "ఏ" మింగేయడం ఒక ఆటగా ముందు ఆడించండి. ఏనుగులో "ఏ" తినేస్తే ఏం మిగిలింది? నుగు. ఏడుపులో? డుపు. మాటలోంచి ఒక ముక్క తీసి మిగిలింది చెప్పడం ఐదేళ్ల తర్వాత బాగా కుదురుతుంది. అంతకంటే చిన్నవాళ్లతో వీటిని మీరు చెప్పండి, వాళ్లను అడగనివ్వండి.

ఇంకో రకం, మాట మధ్యలో దూరే ఆవు. ఇంగ్లిష్‌లో ఇది బాగా పేరున్నదే, తెలుగులో ఇంకా బాగుంటుంది:

— ఎవరది?
— మధ్యలో అడ్డొచ్చే ఆవు.
— ఏ మధ్యలో అడ్డొ—
— అంబాఆఆ!

దీనికి సమయమే ప్రాణం. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యాక "అంబా" అంటే జోకు లేదు. తెలుగులో అడగాల్సిన మాట పొడుగ్గా ఉంటుంది కాబట్టి దూరడానికి పిల్లలకు కావాల్సినంత చోటుంది. కాకపోతే ఆ ఉత్సాహంలో "ఎవరది?" కూడా పూర్తి కాకముందే అంబా అనేస్తారు. "ఏ" వినబడేదాకా నోరు మూసుకోవడం నేర్పాలి. నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉండమని, "ఏ" వినగానే తీసెయ్యమని చెబితే తొందరగా పట్టుకుంటారు.

వీడియో కాల్‌లో అమ్మమ్మతో

విదేశాల్లో ఉన్న పిల్లలు ఈ జోకులు ఎక్కువగా చెప్పేది ఇక్కడి అమ్మమ్మ తాతయ్యలకే. అక్కడ తరచూ జరిగేది ఇది. పాప "నాక్ నాక్" అంటుంది. అమ్మమ్మ "బాగున్నావా బంగారం, అన్నం తిన్నావా?" అంటుంది. పాప ఇంకా గట్టిగా "నాక్ నాక్!" అంటుంది. అమ్మమ్మ, పక్కనున్న తాతను "ఏమంటోంది అది?" అని అడుగుతుంది. పాప ఫోన్ వదిలేసి వెళ్లిపోతుంది.

అమ్మమ్మకు జోకు మొత్తం నేర్పక్కర్లేదు. కాల్‌కు ముందే రెండే ముక్కలు చెప్పండి. "పాప నాక్ నాక్ అన్నా, టక్ టక్ అన్నా నువ్వు 'ఎవరది' అనమ్మా. అది ఏ పేరు చెబితే దానికి ముందు 'ఏ' తగిలించి అడుగు. అంతే." పేరు అమెరికా యాసలో వచ్చి అర్థం కాకపోయినా పరవాలేదు, విన్నది విన్నట్టు తిప్పి అడిగితే చాలు. తప్పుగా తిప్పితే ఇంకా మంచిది, పాపకు అదొక కొత్త జోకు.

కాల్‌లో మాట ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఆవు జోకు అక్కడ పనిచేయదు. అంబా వినబడేసరికి అమ్మమ్మ ప్రశ్న పూర్తి చేసేసి ఉంటుంది. మల్లి జోకు, ఏడుపు జోకు మాత్రం చక్కగా నడుస్తాయి. వాటిలో ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడవు.

ఎనిమిదేళ్లు దాటుతుంటే

ఈ వయసుకు శ్లేష పూర్తిగా అందుతుంది, దాంతోపాటే సీత, రాము చిన్నపిల్లల సరుకైపోతారు. ఇప్పుడు వరుసనే ఉచ్చుగా వాడే జోకులు ఇవ్వాలి. ఒకటి మరీ చిన్నది. "నీకో టక్ టక్ జోకు చెబుతా, నువ్వే మొదలుపెట్టు" అనాలి. ఎదుటివాళ్లు అమాయకంగా "టక్ టక్" అంటారు. "ఎవరది?" అని అడగాలి. అక్కడితో అవతలివాళ్లు నోరు తెరుచుకుని ఉండిపోతారు, చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు.

రెండోది కాస్త పొడుగు. గొంతులో బెంగ కూడా ఉండాలి:

— తాతయ్యా, నేను ఊరెళ్లిపోతే ఏడాది తర్వాత కూడా గుర్తుంటానా?
— ఉండవూ మరి!
— నెల తర్వాత?
— ఉంటావు.
— రేపు?
— ఉంటావురా నాన్నా.
— టక్ టక్.
— ఎవరది?
— చూశావా, అప్పుడే మర్చిపోయావు!

ఇందులో శ్లేష లేదు. తాతయ్య నోరు అలవాటుగా "ఎవరది" అనేస్తుందన్న ధీమా మీదే ఇది నిలబడింది. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఈ ఆట ఆడినవాళ్ల మీద అది తప్పకుండా పారుతుంది. ఎప్పుడూ ఆడని మనిషి "టక్ టక్ ఏంట్రా?" అంటాడు, జోకు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి కొత్తవాళ్ల మీద వేసేముందు సీతతోనో రాముతోనో ఒకటి రెండుసార్లు అలవాటు చేయించాలని పిల్లలకు చెప్పండి. పైగా ఒక మనిషి మీద ఇది ఒక్కసారే పనిచేస్తుంది. అందుకే ఇది నేర్చుకున్న పిల్లలు ఒకే మనిషి దగ్గర పదిసార్లు చెప్పడం మానేసి, ఇంకా ఎవరికి చెప్పలేదా అని పెళ్లిళ్లలో చుట్టాల మధ్య తిరుగుతుంటారు.